మందపు పూతా, పలుచని పూతా, రెండూనా? మలేరియా స్లైడ్ తయారీలో, గీమ్సా రంగు వేయడంలో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

మలేరియా అనుమానంతో రక్తం తీసుకున్న ప్రతిసారీ ల్యాబ్ టెక్నీషియన్ ముందు మూడు నాలుగు నిర్ణయాలు ఉంటాయి. థిక్ స్మియర్ అని పిలిచే మందపు పూత వేయాలా, థిన్ స్మియర్ అనే పలుచని పూత వేయాలా, రెండూ ఒకే గాజు పలక మీద వేయాలా అన్నది మొదటిది. రక్తం వేలి నుంచి తీయాలా, ట్యూబులోకి తీయాలా అన్నది రెండోది. గీమ్సా ద్రావణాన్ని 3 శాతంగా కలిపి ముప్పావుగంట ఉంచాలా, 10 శాతంగా కలిపి పది నిమిషాల్లో ముగించాలా అన్నది మూడోది. చాలా చోట్ల ఇవి అలవాటు మీద నడిచిపోతాయి గానీ ఎవరూ కూర్చుని తేల్చుకున్నవి కావు. ఈ ఎంపికల్లో ప్రతిదీ తనదైన లోపాలను వెంట తెస్తుంది కాబట్టి, ఏ పద్ధతి మంచిదని అడగడం కంటే ఏ పద్ధతిలో వచ్చే పొరపాట్లను మనం గుర్తుపట్టగలం, సరిదిద్దగలం అని అడగడమే నా దృష్టిలో సరైన దారి.

ముందు తేల్చుకోవలసిన కొలమానాలు

మొదటి కొలమానం సున్నితత్వం, అంటే రక్తంలో పరాన్నజీవులు చాలా తక్కువగా ఉన్నప్పుడు కూడా కనిపెట్టగలగడం. రెండోది జాతి నిర్ధారణ. వైవాక్స్ అయితే కాలేయంలో దాగి ఉండే రూపాల కోసం అదనపు చికిత్స కావాలి, ఫాల్సిపేరమ్ అయితే గంటల్లో పరిస్థితి విషమించవచ్చు, కనుక మలేరియా ఉందని చెప్పి ఊరుకుంటే వైద్యుడికి సగం సమాచారమే అందినట్టు. మూడోది సమయం. నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది ఆర్టిఫాక్ట్‌లు, అంటే పరాన్నజీవి కాకపోయినా పరాన్నజీవిలా కనబడే మచ్చలు, చుక్కలు, ఉంగరాలు ఆ పద్ధతిలో ఎంత సులువుగా పుడతాయి, పుట్టినప్పుడు వాటిని వేరుచేయడం ఎంత కష్టం అన్న సంగతి.

| పద్ధతి | తక్కువ పరాన్నజీవులను పట్టుకోవడం | జాతి నిర్ధారణ | ఎక్కువగా వచ్చే లోపం |
|---|---|---|---|
| మందపు పూత మాత్రమే | చాలా మెరుగు | కష్టం, అనుభవం కావాలి | పూత ఊడిపోవడం, వేడికి లేదా మిథనాల్ ఆవిరికి బిగుసుకుపోవడం |
| పలుచని పూత మాత్రమే | బలహీనం | చాలా మెరుగు | కణం మీద ప్లేట్‌లెట్, తేమ వల్ల మెరిసే గుంటలు |
| ఒకే పలక మీద రెండూ | మెరుగు | మెరుగు | మిథనాల్ మందపు పూతను తాకడం |
| రెండు వేర్వేరు పలకలు | మెరుగు | మెరుగు | పలకలు తారుమారవడం, రెట్టింపు పని |

రెండు పూతల మధ్య తేడా ఒక లెక్కలో

తేడా ఎంతో తెలియాలంటే ఒక ఉదాహరణ చేసి చూద్దాం. ఒక రోగి రక్తంలో ఒక మైక్రోలీటరుకు 200 పరాన్నజీవులు ఉన్నాయనుకుందాం. ఎర్రకణాలు మైక్రోలీటరుకు సుమారు 50 లక్షలు ఉంటాయి కాబట్టి, ప్రతి 25,000 ఎర్రకణాలకు ఒక్క కణమే సోకి ఉంటుంది. బాగా పరచిన పలుచని పూతలో ఆయిల్ ఇమ్మర్షన్ కింద ఒక దృశ్యక్షేత్రంలో దాదాపు 200 ఎర్రకణాలు కనబడతాయనుకుంటే, ఒక్క పరాన్నజీవి కోసం సగటున 125 క్షేత్రాలు తిప్పాలి. పని ఒత్తిడిలో ఉన్న మనిషి అంతవరకు చూడడు. నలభై, యాభై క్షేత్రాలు చూసి 'నెగెటివ్' అని రాసేస్తాడు.

అదే రక్తాన్ని మందపు పూతగా చూస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడ కొలత ఎర్రకణాలతో కాదు, తెల్లకణాలతో. మైక్రోలీటరుకు 8,000 తెల్లకణాలు ఉంటాయన్న ప్రామాణిక అంచనా ప్రకారం ప్రతి 40 తెల్లకణాలకు ఒక పరాన్నజీవి కనబడాలి. సరైన మందంతో ఉన్న పూతలో ఒక్కో క్షేత్రంలో 15 తెల్లకణాలు ఉన్నాయనుకుంటే మూడు క్షేత్రాల్లోపే మొదటిది దొరకాలి. రంగు వేసేటప్పుడు కొన్ని పరాన్నజీవులు నీటితో కొట్టుకుపోతాయి కాబట్టి నిజంలో ఇంకొంచెం ఎక్కువ వెతకవలసి రావచ్చు, అయినా 125 ఎక్కడ, మూడో నాలుగో ఎక్కడ.

ఇంత తేడా ఎందుకంటే, మందపు పూతను మిథనాల్‌తో స్థిరపరచం. నీళ్లతో కలిపిన గీమ్సా ద్రావణం తాకగానే ఎర్రకణాలు పగిలి హీమోగ్లోబిన్ కరిగి పోతుంది. పరాన్నజీవులు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మాత్రం పలకకు అంటుకుని మిగులుతాయి. అనేక పొరల రక్తం ఒకే పొరగా కనబడుతుంది. ఈ లాభానికి చెల్లించే మూల్యం కూడా ఇక్కడే ఉంది. ఎర్రకణం లేదు కాబట్టి దాని పరిమాణం పెరిగిందా లేదా తెలియదు, పరాన్నజీవి కణం అంచున ఉందా మధ్యలో ఉందా తెలియదు, వైవాక్స్‌ను గుర్తించడానికి తోడ్పడే షుఫ్నర్ చుక్కలు మందపు పూతలో పరాన్నజీవి చుట్టూ గులాబీ నీడగా మాత్రమే కొన్నిసార్లు మిగులుతాయి. పలుచని పూతలో ఇవన్నీ యథాతథంగా ఉంటాయి. అందుకే పరాన్నజీవి ఉందో లేదో మందపు పూత చెబుతుంది, అది ఏ జాతిదో పలుచని పూత చెబుతుంది.

పరాన్నజీవుల సంఖ్య చెప్పడంలోనూ మందపు పూతదే పైచేయి, అవి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు తప్ప. 200 తెల్లకణాలు లెక్కించేలోపు 130 పరాన్నజీవులు కనబడితే, 130ని 8,000తో హెచ్చించి 200తో భాగిస్తే మైక్రోలీటరుకు 5,200 వస్తుంది. 200 తెల్లకణాల దగ్గర పరాన్నజీవుల లెక్క వందకు చేరకపోతే 500 తెల్లకణాల వరకు లెక్కించి, 500తో భాగించాలి. పరాన్నజీవులు క్షేత్రం నిండా కిక్కిరిసి ఉంటే మాత్రం మందపు పూతలో లెక్క తప్పుతుంది. అప్పుడు పలుచని పూతకు వెళ్లి ఎర్రకణాల్లో ఎంత శాతం సోకిందో చెప్పడమే నమ్మదగిన పని.

మందపు పూత: ఎలా వేయాలి, ఎక్కడ చెడుతుంది

ఎడమ చేతి మధ్యవేలు లేదా ఉంగరం వేలి కొసను, పసిపిల్లలకైతే మడమను లేదా కాలి బొటనవేలిని, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకముందే పొడిస్తే స్పిరిట్ రక్తంలో కలిసి ఎర్రకణాలను అక్కడికక్కడే స్థిరపరుస్తుంది, ఇక మందపు పూత రంగు నీటిలో కరగదు. మొదటి బొట్టును పొడి దూదితో తుడిచేసి, తర్వాత వచ్చే రక్తంతో పని చేయాలి.

మందపు పూతకు సుమారు 6 మైక్రోలీటర్ల రక్తం సరిపోతుంది. దాన్ని మరో పలక మూలతో నాలుగైదు సార్లు తిప్పి 12 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా పరచాలి. ఎక్కువసేపు కలియబెడితే ఫైబ్రిన్ దారాలు ఏర్పడి రంగు వేసినప్పుడు చిక్కులుగా కనబడతాయి. మందం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. పూత కింద దినపత్రిక పెట్టి చూస్తే అక్షరాలు కష్టం మీద చదవడానికి వీలుకావాలి. అస్సలు కనబడకపోతే పూత ఎక్కువ మందం, ఆరాక పెచ్చులూడిపోతుంది. స్పష్టంగా కనబడితే మరీ పలుచన, మందపు పూత వల్ల రావలసిన లాభం రాదు.

ఆరబెట్టడం దగ్గరే చాలా పూతలు పాడవుతాయి. పలకను మట్టంగా పెట్టాలి, వాలుగా పెడితే రక్తం ఒక పక్కకు చేరుతుంది. ఎండలోనో దీపం మీదనో పెడితే వేడికి ఎర్రకణాలు బిగుసుకుపోయి హీమోగ్లోబిన్ బయటికి రాదు. వర్షాకాలంలో పాడేరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గాలిలో తేమ వల్ల పూత గంటల తరబడి పచ్చిగానే ఉంటుంది. అత్యవసరమైతే ఫ్యాన్ కింద లేదా చల్లని గాలి వదిలే డ్రయ్యరుతో ఆరబెట్టవచ్చు గానీ వేడిగాలి వద్దు. ఈగలు, చీమలు ఆరుతున్న రక్తాన్ని తినేస్తాయని కొత్తవారికి చెబితే నమ్మరు, రంగు వేశాక పూతలో గుండ్రటి ఖాళీలు కనబడినప్పుడు నమ్ముతారు.

ఆరిన పూతకు ఎంత త్వరగా రంగు వేస్తే అంత మంచిది. వేడి వాతావరణంలో రెండు మూడు రోజులు దాటితే అది తనంతట తానే స్థిరపడిపోతుంది. దూరపు గ్రామం నుంచి ఆశా కార్యకర్త తెచ్చే స్లైడ్ విషయంలో ఇది రోజువారీ సమస్య కాబట్టి, పలక మీద తేదీ రాసి ఉందో లేదో చూసుకోవడం మందపు పూత ఎంచుకునేవారి మొదటి అలవాటు కావాలి.

పలుచని పూత: తేలికగా కనబడే కష్టం

దీనికి 2 మైక్రోలీటర్ల చిన్న బొట్టు చాలు. నున్నని అంచున్న మరో పలకను 45 డిగ్రీల వాలుతో పట్టుకుని, బొట్టును తాకించి, రక్తం అంచంతా పాకిన వెంటనే ఆగకుండా ఒకే ఊపులో ముందుకు తోయాలి. చివరన ఈక అంచులా పలుచబడి ఆగిపోవాలి, పలక చివరి దాకా సాగకూడదు. చూడవలసినది ఆ ఈక అంచుకు కాస్త ముందున్న చోటు, అక్కడ ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఒకే వరుసలో ఉంటాయి.

పలకకు జిడ్డు ఉంటే పూతలో రంధ్రాలు పడతాయి, తోయడంలో తడబడితే అడ్డంగా గీతలు పడతాయి. ఇవి వెంటనే కంటికి కనబడే లోపాలు, పెద్దగా మోసం చేయవు. మోసం చేసేది మిథనాల్‌లో చేరిన తేమ. పూత పూర్తిగా ఆరకముందే మిథనాల్‌లో ముంచినా, సీసా మూత తీసి ఉంచడం వల్ల మిథనాల్ గాలిలోని నీటిని పీల్చుకున్నా, ఎర్రకణాల మధ్యలో మెరిసే గుంటలు పడతాయి. వాటి అంచు నల్లగా ఉంగరంలా కనబడుతుంది. ఫైన్ ఫోకస్ స్క్రూను కొంచెం అటూ ఇటూ తిప్పితే ఆ గుంట ఒకసారి వెలుగుతుంది, ఒకసారి నల్లబడుతుంది. నిజమైన పరాన్నజీవి రంగు పట్టిన పదార్థం, అది అలా వెలగదు. దానికి నీలి జీవద్రవ్యం, ఎర్రటి క్రోమాటిన్ చుక్క రెండూ ఉంటాయి.

రెండూ ఒకే పలక మీద వేస్తే

నా వరకు మామూలు పనికి ఇదే మొదటి ఎంపిక. ఒకే రోగి పేరు, ఒకే సంఖ్య, ఒకే పలక. తారుమారయ్యే భయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఈ అమరికనే చూపుతాయి. కానీ దీని బలహీనత ఒక్కటే, అది బలమైనది. పలుచని పూతను మిథనాల్‌తో స్థిరపరచాలి, అదే మిథనాల్ మందపు పూతను తాకకూడదు. మిథనాల్ చుక్కే కాదు, ఆవిరి తగిలినా పాడవుతుంది.

చేసే పద్ధతి ఇది. రెండు పూతలూ పూర్తిగా ఆరాక పలుచని పూత ఉన్న భాగాన్ని మాత్రమే మిథనాల్‌లో రెండు సెకన్లు ముంచి తీయాలి, లేదా మిథనాల్‌తో తడిపిన దూదితో నెమ్మదిగా అద్దాలి. తర్వాత పలకను మందపు పూత పైన, పలుచని పూత కింద ఉండేట్టు నిలబెట్టి ఆరబెట్టాలి, అప్పుడు మిథనాల్ పైకి పాకదు. మందపు పూత స్థిరపడిందేమో అన్న అనుమానం వస్తే రంగు వేశాక మైక్రోస్కోపులో చూడండి. నేపథ్యం శుభ్రంగా, తెల్లకణాల కేంద్రకాలు నిండు ఊదారంగులో కనబడితే బాగుంది. ఎర్రకణాల ఆకారాలు నీడలుగా పేరుకుని, నేపథ్యమంతా మట్టిరంగులోనో నీలం కలిసిన బూడిదరంగులోనో ఉంటే మిథనాల్ తగిలింది, ఆ మందపు పూతకు 'నెగెటివ్' అని రాయడానికి వీల్లేదు.

చేయి ఇంకా కుదురుకోని విద్యార్థులకు రెండు వేర్వేరు పలకలు మేలు. మిథనాల్ గొడవ ఉండదు, ఏ పూత చెడిందో దేని వల్ల చెడిందో విడిగా నేర్చుకోవచ్చు. అనుభవం వచ్చాక ఒకే పలకకు మారవచ్చు.

వేలి రక్తమా, ట్యూబు రక్తమా

ఇది పెద్ద వివాదం కాదు. వీలైతే వేలి నుంచి నేరుగా పలక మీదికి తీసుకోవడమే మంచిది. ఆసుపత్రిలో సీబీసీ కోసం ఎలాగూ ఇడీటీఏ ట్యూబు తీస్తారు కాబట్టి దాంతోనే పూత వేయడం మామూలే. అది తప్పు కాదు, అయితే వీలైనంత తొందరగా, గంటలోపు వేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ పరాన్నజీవుల ఆకారం చెడిపోతుంది, షుఫ్నర్ చుక్కలు మసకబారతాయి, ఎర్రకణాల అంచులు ముళ్లుగా మారతాయి. మందపు పూత కూడా ఇడీటీఏ రక్తంతో వేస్తే పలకకు తక్కువ అంటుకుంటుంది, కడిగేటప్పుడు జారిపోయే అవకాశం ఎక్కువ.

3 శాతమా, 10 శాతమా

జర్మనీలోని హాంబుర్గ్‌లో పనిచేసిన గుస్తావ్ గీమ్సా 1904లో ప్రచురించిన రంగులో మిథిలీన్ బ్లూ, దాని నుంచి పుట్టిన అజ్యూర్, ఇయోసిన్ ఉంటాయి. వీటిని మిథనాల్, గ్లిజరాల్‌లో కరిగించి ఉంచుతారు కాబట్టి మూల ద్రావణం నెలల తరబడి నిలవ ఉంటుంది. నీటితో కలిపిన క్షణం నుంచే రంగు పట్టడం మొదలవుతుంది, అవక్షేపం ఏర్పడడమూ మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ఆర్టిఫాక్ట్‌లు ఎందుకు వస్తాయో అర్థమవుతుంది. మూల ద్రావణపు సీసాలో తడి పిపెట్ ముంచకూడదు, సీసాను కుదపకూడదు, వాడబోయే కొంచెం భాగాన్ని వడపోత కాగితంతో వడకట్టుకోవాలి, నీటితో కలిపిన ద్రావణాన్ని అప్పటికప్పుడు తయారు చేసి పని అయ్యాక పారబోయాలి.

కలపడానికి వాడే నీటి పీహెచ్ 7.2 ఉండాలి. బఫర్ మాత్రలు దొరకకపోతే ఒక లీటరు స్వేదన జలంలో 0.7 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 1 గ్రాము నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపితే సరిపోతుంది, మీటరుతో పరీక్షించి చూసుకోవాలి. సాధారణ రక్త పరీక్షలకు వాడే 6.8 బఫర్‌ను దీనికి వాడితే కణాలు చక్కగా గులాబీగా కనబడతాయి గానీ షుఫ్నర్ చుక్కలు సరిగా తేలవు, వైవాక్స్ గుర్తించే ఆధారం పోతుంది. హెమటాలజీ ల్యాబ్ నుంచి మలేరియా పనికి మారినవారు ఎక్కువగా పడే గొయ్యి ఇది. బోరు నీటితో కలపడం దీనికి వ్యతిరేక దిశలో చెడగొడుతుంది, అందులో లవణాలు, క్షారగుణం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

| | 3 శాతం, నెమ్మది పద్ధతి | 10 శాతం, వేగం పద్ధతి |
|---|---|---|
| సమయం | 45 నుంచి 60 నిమిషాలు | 10 నుంచి 15 నిమిషాలు |
| 100 మి.లీ.లో మూల ద్రావణం | 3 మి.లీ. | 10 మి.లీ. |
| ఎన్ని పలకలకు | ఒకేసారి చాలా | ఒకటి, రెండు |
| అవక్షేపం వచ్చే అవకాశం | తక్కువ | ఎక్కువ |
| రంగు నాణ్యత | మెరుగు, సమంగా పడుతుంది | బాగుంటుంది, జాగ్రత్త కావాలి |

వేగం పద్ధతిలో ఒక పలకకు దాదాపు 3 మి.లీ. ద్రావణం పడుతుంది, అంటే 0.3 మి.లీ. మూల ద్రావణం. 100 మి.లీ. పట్టే రంగు పెట్టెలో 20 పలకలు 3 శాతంతో వేస్తే పలకకు 0.15 మి.లీ. మాత్రమే, సగం. అదే పెట్టెను ఒక్క పలక కోసం నింపితే 3 మి.లీ. వృథా. కనుక పలకల సంఖ్యే దాదాపు నిర్ణయం చెప్పేస్తుంది. రాత్రి అత్యవసర విభాగంలో ఒక్క రోగి కోసం ముప్పావుగంట ఆగడం న్యాయం కాదు, అక్కడ 10 శాతమే. రోజంతా వచ్చిన స్లైడ్లను సాయంత్రం కలిపి వేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 3 శాతమే.

మన దేశంలో చాలా ప్రభుత్వ కేంద్రాల్లో చిరకాలంగా జేఎస్‌బీ రంగు వాడుకలో ఉంది. అది చౌక, నీటితో చేసినది, చాలా త్వరగా అవుతుంది. అయితే ఫలితంలో ఏకరూపత తయారీదారు చేతి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. జాతిని సూక్ష్మంగా చెప్పవలసిన చోట, పలకను దాచి తర్వాత మరొకరితో సరిచూపించవలసిన చోట నేను గీమ్సానే ఎంచుకుంటాను.

రంగు పోసే పద్ధతిలోనూ ఒక చిన్న మెళకువ ఉంది. వేగం పద్ధతిలో పలకలను పక్కపక్కన పెట్టి, 2 మి.లీ. మూల ద్రావణాన్ని 18 మి.లీ. బఫర్‌లో కలిపి, పూతల మీద నెమ్మదిగా పోయాలి. సమయం అయ్యాక పలకను వంచి రంగును పారబోయకూడదు. అలా చేస్తే ద్రావణం పైన తేలే లోహపు మెరుపున్న పొర నేరుగా పూత మీద పడుతుంది. పలక చదునుగా ఉండగానే ఒక అంచు నుంచి బఫర్ నీరు పోసి, ఆ పొర నీటి మీద తేలి పక్కకు జారిపోయేలా చేయాలి. తర్వాత మందపు పూత మీద నేరుగా ధార పడకుండా కడిగి, నిలువుగా పెట్టి ఆరబెట్టాలి.

మోసం చేసే రూపాలు

రంగు అవక్షేపం మందపు పూతలో ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తుంది. నల్లటి ఊదారంగు రేణువులు గుంపులుగా కణాల మీద పడి ఉంటాయి. వాటిని గుర్తించే ఉపాయం రంగులో కాదు, ఎత్తులో ఉంది. ఫోకస్ తిప్పితే కణాలు మసకబారినప్పుడు రేణువులు స్పష్టమవుతాయి, అంటే అవి పైన కూర్చున్నాయి. పైగా అవి పూత లేని ఖాళీ గాజు మీద కూడా ఉంటాయి. పరాన్నజీవి అక్కడ ఉండటానికి వీల్లేదు.

పలుచని పూతలో ప్లేట్‌లెట్ ఎర్రకణం మీద పడి ఉంటే ఉంగరం రూపంలా కనబడుతుంది. దాని చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది, ఊదారంగు రేణువులతో నిండి ఉంటుంది, నీలి జీవద్రవ్యం వేరుగా ఉండదు. అదే క్షేత్రంలో కణాల మధ్య ఖాళీలో ఉన్న ప్లేట్‌లెట్‌తో పోల్చితే ఇద్దరూ ఒకే జాతి అని తేలిపోతుంది. తీవ్ర రక్తహీనత ఉన్న రోగి మందపు పూతలో అపరిపక్వ ఎర్రకణాల నీలి మేఘాలు మిగులుతాయి, వాటిలో ఎర్ర క్రోమాటిన్ చుక్క ఉండదు.

పీహెచ్ చెడితే చూడగానే తెలుస్తుంది. ఆమ్లమైతే పూత అంతా ఎర్రగా, తెల్లకణాల కేంద్రకాలు పాలిపోయి ఉంటాయి. క్షారమైతే ఎర్రకణాలు నీలి బూడిదగా మారి పరాన్నజీవి జీవద్రవ్యం నేపథ్యంలో కలిసిపోతుంది.

సూక్ష్మజీవులు పెరిగిన బఫర్ వల్ల వచ్చే మోసం అన్నింటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో నిజమైన రంగు పట్టిన నిజమైన జీవులే ఉంటాయి. ఒక ఉదాహరణ చూద్దాం. పది స్లైడ్లు కలిసి రంగు వేశారు, ఆరింటిలో చిన్న ఉంగరాల లాంటి రూపాలు ఉన్నాయి. జ్వరం లేని, పరీక్షకు మాత్రమే వచ్చిన మనిషి స్లైడ్‌లోనూ ఉన్నాయి. అక్కడే అనుమానం రావాలి. మొదట, ఆ రూపాలు తెల్లకణాల మధ్యే కాక పూత అంచు దాటి ఖాళీ గాజు మీద కూడా ఉన్నాయా చూడాలి. తర్వాత, వాటిలో కొన్నింటికి చిన్న మొగ్గలు అతుక్కుని ఉన్నాయా చూడాలి, ఉంటే అది ఈస్ట్. మూడోది, ఒక్కదానిలోనైనా ఎర్ర క్రోమాటిన్, నీలి జీవద్రవ్యం, ఈ రెండు రంగులూ విడివిడిగా ఉన్నాయా. చివరగా, రక్తం లేని ఖాళీ పలకకు అదే బఫర్‌తో రంగు వేసి చూడాలి. ఖాళీ పలక మీద కూడా ఉంగరాలు కనబడితే దోషి బఫర్ సీసా. అప్పుడు పారేయవలసింది బఫర్ ఒక్కటే కాదు, ఆ రంగు వేసిన పది ఫలితాలూ పక్కన పెట్టి కొత్త పూతలతో మళ్లీ చేయాలి, 'నెగెటివ్' అని తేలిన నాలుగూ సహా. బఫర్‌ను నెలల తరబడి కిటికీ పక్కన నిలవ ఉంచడం, తాజా చేసినప్పుడు పాత సీసాను కడగకుండా నింపడం దీనికి మామూలు కారణాలు.

ఎవరికి ఏది

జ్వరాల సీజనులో రోజుకు ఎన్నో స్లైడ్లు చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు టెక్నీషియన్‌కు ఒకే పలక మీద రెండు పూతలు, 3 శాతం గీమ్సా. ముందు మందపు పూత చూసి, కనీసం 100 క్షేత్రాలు చూసే వరకు 'నెగెటివ్' అనకూడదు. ఏదైనా కనబడితేనే పలుచని పూతకు వెళ్లి జాతి తేల్చాలి. ఇలా చేస్తే పలుచని పూత మీద ఖర్చయ్యే సమయం బాగా తగ్గుతుంది.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో తీవ్ర జ్వరంతో స్పృహ తప్పుతున్న రోగి విషయంలో ముందుగా పలుచని పూతను ఆరబెట్టి, మిథనాల్‌తో స్థిరపరచి, 10 శాతంతో చూడాలి. తీవ్ర ఫాల్సిపేరమ్‌లో పరాన్నజీవులు తరచూ ఎక్కువగానే ఉంటాయి కాబట్టి ఆ పూతలోనే శాతం కూడా తెలుస్తుంది. అది 'నెగెటివ్' అయితే మాత్రం అక్కడితో ఆగకూడదు, అప్పటికి ఆరిన మందపు పూత చూడాలి, అది కూడా 'నెగెటివ్' అయి అనుమానం పోకపోతే 12 నుంచి 24 గంటల వ్యవధితో మళ్లీ రక్తం తీయాలి. ఫాల్సిపేరమ్ తన జీవితచక్రంలో రెండో సగమంతా చిన్న రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటుంది, ఆ సమయంలో వేలి రక్తంలో కనబడకపోవడం సహజమే.

చికిత్స పొందుతున్న రోగిలో పరాన్నజీవులు తగ్గుతున్నాయో లేదో చూసేవారికి మందపు పూత లెక్కే కావాలి, అదీ ప్రతిసారి ఒకే మనిషి, ఒకే గాఢతతో రంగు వేసి లెక్కించాలి. లేకపోతే సంఖ్యలో వచ్చిన తేడా మందు వల్లనా, కడగడంలో పోయిన పరాన్నజీవుల వల్లనా అన్నది తేల్చలేం.